ఎద్దు బొమ్మ తీసేయొద్దు

"మోడరన్‌గా ఉండాలి, కానీ ట్రెడిషనల్ ఫీల్ పోకూడదు. ప్రీమియం లుక్ కావాలి. కలర్స్ మీ ఇష్టం. కాస్త త్వరగా చూడండి."

అనంతపురం జిల్లాలో గానుగ నూనె పట్టే ఒక కుటుంబం, కొత్త లోగో, కొత్త లేబుల్ కావాలంటూ హైదరాబాద్‌లోని ఒక డిజైన్ ఏజెన్సీకి పంపిన వాట్సాప్ మెసేజ్ ఇది. దీంతోపాటు పాత లేబుల్ ఫోటో ఒకటి, అడ్వాన్సు కింద లక్షా యాభై వేలు పంపారు. ఇంకేం చెప్పలేదు. మూడు నెలల్లో పదకొండు డిజైన్లు వచ్చాయి. ఒక్కటీ నచ్చలేదు. ఇన్నిసార్లు మార్చడం తమ వల్ల కాదని, ఇంకా మార్చాలంటే అదనంగా ఇవ్వాలని ఏజెన్సీ అంది. డబ్బు తీసుకుని కావలసింది ఇవ్వలేదని వీళ్లు అన్నారు. మాటా మాటా పెరిగిన దశలో ఆ ఇంటి అబ్బాయి నా దగ్గరికి వచ్చాడు. వేరే ఏజెన్సీ ఎవరైనా ఉంటే చెప్పమని అడిగాడు.

నేను పన్నెండేళ్లు ఏజెన్సీల్లో పనిచేశాను. ఆ తర్వాత నుంచి ఇటువైపు, అంటే పని ఇచ్చేవాళ్ల పక్కన కూర్చుని, ఏజెన్సీకి ఇవ్వాల్సిన బ్రీఫ్ రాయడంలో సాయం చేస్తున్నాను. ఆ పదకొండు డిజైన్లూ చూశాను. గీత బాగుంది, అక్షరాలు శ్రద్ధగా ఉన్నాయి. గీసినవాళ్లకు పని రాకపోవడం కాదు జరిగింది. ఏం గీయాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఏజెన్సీని మార్చొద్దని, ముందు బ్రీఫ్ రాద్దామని ఆ అబ్బాయికి చెప్పాను.

బ్రీఫ్ అంటే పని మొదలుకాక ముందే పని ఇచ్చేవాళ్లు రాసి ఇచ్చే కాగితం. రెండు పేజీలు చాలు. ఈ మార్పు ఎందుకు, ఎవరు చూడాలి, చూసి ఏం గ్రహించాలి, ఏది మారాలి, ఏది మారకూడదు, ఎంత ఖర్చులో, ఎప్పటికి, చివరికి ఎవరు సరే అంటారు అన్నవి అందులో ఉంటాయి. వ్యాపారం గుర్తింపుకు సంబంధించిన పనిలో, అంటే లోగో, పేరు రాసే అక్షరాల తీరు, రంగులు, అవి సీసా మీదా బోర్డు మీదా బిల్లు మీదా కూర్చునే పద్ధతి, వీటన్నిటిలో ఈ కాగితం అవసరం మరీ ఎక్కువ. కరపత్రం బాగా రాకపోతే వచ్చే నెల ఇంకోటి వేసుకోవచ్చు. లోగో తప్పుగా కుదిరితే దాన్ని ఏళ్ల తరబడి మోయాలి.

ఆ వాట్సాప్ మెసేజ్‌లోని మాటలకే వస్తాను. మోడరన్, ట్రెడిషనల్, ప్రీమియం. వీటిని పరీక్షించడానికి నేనొక పద్ధతి పాటిస్తాను. ఆ మాటకు వ్యతిరేకం కావాలని అడిగే యజమాని ఎవరైనా ఉంటారా అని చూస్తాను. "మాకు నాసిరకంగా కనిపించే లేబుల్ కావాలి" అని ఎవరూ అడగరు కదా. అందరూ అడిగే మాట రాస్తే డిజైనరుకు ఏమీ చెప్పనట్టే. పైగా ఒక్కొక్కరు దానికి ఒక్కో అర్థం చెప్పుకుంటారు. పదకొండింటిలో మొదటిది నల్ల లేబుల్ మీద బంగారు అక్షరాలు. డిజైనరు దృష్టిలో ప్రీమియం అంటే అదే. అబ్బాయికి కూడా నచ్చింది. వాళ్ల నాయన చూసి, "మందు సీసా మాదిరి ఉండాది, పూజకు నూనె కావాలని వచ్చేటోళ్లకు ఇది ఎట్లిస్తాం?" అన్నాడట. ఒకే ఇంట్లో ఇద్దరికి ఆ మాటకు రెండు అర్థాలుంటే, హైదరాబాద్‌లో కూర్చున్న మూడో మనిషికి ఏం తెలుస్తుంది?

బ్రీఫ్ రాయడానికి ముందు నేను వాళ్ల దుకాణానికి వెళ్లి ఒక ఉదయమంతా కౌంటరు పక్కన కూర్చున్నాను. ముందు దుకాణం, వెనక గానుగ. చెక్క రోలు, చెక్క రోకలి, తిప్పేది కరెంటు మోటారు. వేరుశనగ నూనె వాసన వీధి మొదట్లోకే వస్తోంది. అప్పుడు ఒకావిడ స్టీలు క్యాను కౌంటరు మీద పెట్టి, "ఎద్దుబొమ్మ నూనె రెండు లీటర్లు పొయ్యన్నా" అంది. ఆమె తర్వాత ఒక పిల్లవాడు వచ్చి, "ఎద్దుబొమ్మ నూనె అంట, మాయమ్మ చెప్పింది" అన్నాడు. ఆ ఉదయం వచ్చినవాళ్లలో దుకాణం పేరు పలికినవాళ్లు ఒక్కరూ లేరు. బోర్డు మీద దేవుడి పేరు, ఇంటిపేరు, ట్రేడర్స్ అన్న మాట కలిపి పొడవాటి పేరుంది. జనం నోట్లో ఉన్నది మాత్రం సీసా మీది ఎర్రటి ఎద్దు.

పదకొండు డిజైన్లలో తొమ్మిదింటిలో ఆ ఎద్దు లేదు. ఒకదాంట్లో వేరుశనగ కాయ, ఒకదాంట్లో నూనె బొట్టు, ఇంకోదాంట్లో ఇంగ్లీషు మొదటి అక్షరం. మోడరన్ అన్నారు కాబట్టి పాతదాన్ని తీసేశారు. అందులో ఏజెన్సీ తప్పు లేదు. ఎద్దు మీద వ్యాపారం నిలబడి ఉందని వాళ్లకు తెలిసే దారే లేదు. నిజానికి అబ్బాయికీ ఆ సంగతి పట్టలేదు. రోజూ వినే మాట కావడంతో అది విశేషంగా అనిపించలేదు.

ఇలాంటి పొరపాటు ఎంత ఖరీదవుతుందో తెలియాలంటే అమెరికాలో ట్రోపికానా నారింజ రసానికి 2009లో జరిగింది చూడాలి. దాని యజమాని పెప్సికో ఆ ఏడాది జనవరిలో అట్టపెట్టెల రూపం మార్చింది. అప్పటిదాకా పెట్టె మీద నారింజ పండు, దానికి నేరుగా గుచ్చిన స్ట్రా ఉండేవి. వాటిని తీసేసి గ్లాసులో రసం బొమ్మ పెట్టారు, పేరును అడ్డం నుంచి నిలువుకు తిప్పారు. దుకాణంలో జనం తమకు అలవాటైన పెట్టెను గుర్తుపట్టలేకపోయారు. రెండు నెలలు నిండకుండానే అమ్మకాలు దాదాపు 20 శాతం పడిపోయాయి. ఫిబ్రవరి నెలాఖరులోపే పాత పెట్టెను వెనక్కి తెస్తున్నామని కంపెనీ ప్రకటించాల్సి వచ్చింది. కొత్త పెట్టె వికారంగా ఏమీ లేదు. కొనేవాళ్ల చెయ్యి దేన్ని వెతుక్కుంటూ వెళ్తుందో అదే దాని మీద లేదు.

అందుకే ఏం కావాలి అన్నదానికంటే ముందు ఏది పోకూడదు అన్నదే రాయాలని నేను పట్టుబడతాను. అయితే "ఎద్దు ఉండాలి" అని రాసి ఊరుకున్నా సరిపోదు. పెద్దాయన పాత ట్రంకు పెట్టెలోంచి వెనకటి లేబుళ్లు తీయించాను. దాదాపు ముప్పై ఏళ్లలో ఎద్దు నాలుగుసార్లు మారింది. ఒకసారి కొమ్ములు నిటారుగా, ఒకసారి వంపుగా. ఒకసారి మెడలో గంట ఉంది, ఇంకోసారి లేదు. ఒక లేబుల్ మీద మొత్తం ఎద్దు, మిగతా మూడింటిలో తల వరకే. ప్రింటింగ్ ప్రెస్సు మారినప్పుడల్లా అక్కడున్న ఆర్టిస్టు తన చేతికి వచ్చినట్టు గీశాడు. జనం ఏదీ పట్టించుకోలేదు. నాలుగింటినీ నేల మీద వరసగా పరిచి చూస్తే మూడే సంగతులు మారలేదు: ఎద్దు ఎర్రగా ఉంది, వెనక పసుపు ఉంది, ముఖం ఎడమవైపు తిరిగి ఉంది. బ్రీఫ్‌లో ఇలా రాశాం: "ఎర్ర ఎద్దు, పసుపు నేపథ్యం, ఎడమవైపు చూపు. ఈ మూడూ మారకూడదు. మిగతాదంతా, కొమ్ములతో సహా, మీ ఇష్టం."

మొదటి మెసేజ్‌లోని "కలర్స్ మీ ఇష్టం" పక్కన దీన్ని పెట్టి చూడండి. ఈసారి డిజైనరు ఎక్కడ తలవంచాలో, ఎక్కడ స్వేచ్ఛ తీసుకోవచ్చో రెండూ తెలిశాయి.

ఎద్దు విషయంలో ఇంకో చిక్కు వచ్చింది. వాళ్ల తాతగారి కాలంలో గానుగను నిజంగానే ఎద్దు తిప్పేది. ఇప్పుడు మోటారు తిప్పుతోంది. ఎద్దు గానుగ తిప్పుతున్న బొమ్మ వేస్తే అందంగా ఉంటుందని అబ్బాయి ఆశపడ్డాడు. నేను వద్దన్నాను. ఆహార పదార్థాల లేబుల్ మీద కొనేవాళ్లను తప్పుదారి పట్టించే మాట గాని బొమ్మ గాని ఉండకూడదని మన ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. చట్టం మాట అటుంచినా, బెంగళూరు నుంచి ఎవరైనా వచ్చి వెనక మోటారు చూస్తే ఆ కుటుంబం ముప్పై ఏళ్ల మాట పోతుంది. "ఎద్దు మన గుర్తు మాత్రమే. అది గానుగ తిప్పుతున్నట్టు ఎక్కడా చూపించకూడదు" అని ఒక వాక్యం చేర్చాం. ఇలాంటి సంగతి ఏజెన్సీ ఊహించి తెలుసుకోలేదు. యజమానే చెప్పాలి.

ఇక అసలు ప్రశ్న, ఇప్పుడే ఎందుకు మారుస్తున్నారు? అబ్బాయి మొదట "పాతబడిపోయింది మేడం" అన్నాడు. పాతబడితే ఏం నష్టం జరిగిందని అడిగాను. అలా నాలుగైదుసార్లు తిప్పి తిప్పి అడిగితే అసలు కథ బయటికి వచ్చింది. బెంగళూరులో రెండు సూపర్ మార్కెట్లు వీళ్ల నూనె పెట్టుకుని చూశాయి. అక్కడ సీసాలు కదల్లేదు. షెల్ఫులో పక్కనే రిఫైన్డ్ నూనెలు ఉన్నాయి. వీళ్లది వాటికంటే చాలా ఎక్కువ రేటు. ఎందుకు ఎక్కువో సీసా చూస్తే తెలియదు. "గానుగ" అన్న మాట లేబుల్ కింద మూలన చిన్న తెలుగు అక్షరాల్లో ఉంది. బెంగళూరులో ఆ అక్షరాలు చదవగలిగేది ఎందరు?

లక్ష్యం అక్కడ దొరికింది. దాన్ని మూడు వాక్యాలుగా రాశాం: "షెల్ఫు ముందు నాలుగడుగుల దూరంలో నిలబడ్డ మనిషికి ఇది రిఫైన్డ్ నూనె కాదని, చెక్క గానుగలో పట్టిందని సీసా చేతిలోకి తీసుకోకముందే తెలియాలి. తెలుగు రానివాళ్లకూ తెలియాలి. అదే సమయంలో మా ఊరి పాత ఖాతాదారు కొత్త సీసా చూసి ఇది నకిలీ అనుకోకూడదు." ఇందులో మోడరన్ లేదు, ప్రీమియం లేదు. కానీ డిజైన్ వచ్చాక, నాలుగడుగుల దూరంలో నిలబడి, కుదిరిందో లేదో చెప్పేయవచ్చు. నచ్చిందా లేదా అన్న గొడవ సగం అక్కడే తగ్గిపోతుంది.

పెద్దాయన దానికి ఇంకో లక్ష్యం చేర్చమన్నాడు. అమ్మకాలు రెట్టింపు కావాలన్నాడు. ఆయన ఆశ న్యాయమైనదే. కానీ అది ఏజెన్సీకి ఇచ్చే కాగితంలో ఉండకూడదని నచ్చజెప్పాను. రేటు, కమిషను, సరుకు వేళకు చేరడం, ఇవేవీ డిజైనరు చేతిలో లేవు. ఇంకో ఉదాహరణ చెప్తాను. గానుగ నూనెలో కొన్నాళ్లకు సీసా అడుగున మడ్డి చేరుతుంది. సన్నగా వడకట్టినా కొంత ఉంటుంది. బెంగళూరు నుంచి వెనక్కి వచ్చిన సీసాల్లో ఎక్కువ భాగం అందుకే వచ్చాయి. లోగో ఎంత బాగున్నా మడ్డి ఆగదు. లేబుల్ చేయగలిగింది ఒక్కటే, అది సహజమని ఒక వాక్యంలో చెప్పడం. ఆ వాక్యానికి చోటు కావాలని బ్రీఫ్‌లో రాశాం. మడ్డి తగ్గించే పని మాత్రం గానుగ వెనక తొట్టెల దగ్గర, నూనెను ఇంకొన్ని రోజులు తేరనివ్వడంలో ఉంది.

చోటు అన్నాను కాబట్టి లేబుల్ కొలతల దగ్గరికి వద్దాం. మొదటి విడత డిజైన్లన్నీ కంప్యూటర్ తెర మీద చాలా అందంగా ఉన్నాయి, ఎందుకంటే వాటి మీద రాయాల్సింది రాయలేదు. నూనె సీసా లేబుల్ మీద ఎంత పరిమాణమో, ఎంఆర్‌పీ ఎంతో, తయారు చేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలి, చిరునామా, ఫిర్యాదుకు ఫోన్ నంబరు, పోషక విలువల పట్టిక, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తుతో 14 అంకెల లైసెన్సు నంబరు, శాకాహారమని తెలిపే ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, ఇవన్నీ ఉండాలి. కొన్నిటికి అక్షరాల ఎత్తు ఇంతకు తగ్గకూడదని నిబంధన ఉంది. వీళ్ల లేబుల్ మీద ఇవన్నీ పేరిస్తే మూడో వంతు పైగా నిండిపోయింది. ఆ సంగతి ముందే తెలిస్తే డిజైనరు మిగిలిన చోటులోనే ఆలోచిస్తాడు. చివర్లో తెలిస్తే, అందరూ మెచ్చిన డిజైన్‌ను నొక్కి, కుదించి, పాడుచేసుకోవాల్సి వస్తుంది. అందుకే ఉండి తీరాల్సినవన్నీ అక్షరం పొల్లుపోకుండా ఒక కాగితం మీద టైపు చేసి, ఖాళీ సీసా ఒకటి, పదిహేను కిలోల డబ్బా ఒకటి కలిపి ఏజెన్సీకి పార్సిల్ పంపాం.

డబ్బా పంపడానికి కారణం ఉంది. సీసా లేబుల్ ఎన్ని రంగుల్లోనైనా ముద్రించుకోవచ్చు. డబ్బా మీద మాత్రం వీళ్లు స్క్రీన్ ప్రింటింగ్ చేయిస్తారు, ఒకే రంగు. రంగుకో స్క్రీను కావాలి, రంగు పెరిగితే ఖర్చు పెరుగుతుంది. పదకొండు డిజైన్లలో కొన్నిటికి ఎరుపు నుంచి నారింజకు నెమ్మదిగా కరిగే రంగులు వాడారు. తెర మీద అవి మెరిసిపోతాయి, డబ్బా మీద రావు. లోగో ఎక్కడెక్కడ బతకాలో అన్నీ రాసిచ్చాం. సీసా, డబ్బా, దుకాణం బోర్డు, సరుకు ఆటో వెనక భాగం, రబ్బరు స్టాంపు, బిల్లు పుస్తకం, వాట్సాప్‌లో గుండ్రంగా కనిపించే చిన్న బొమ్మ. అన్నిటికన్నా చిన్నది రబ్బరు స్టాంపు, అందులో ఎద్దు రెండు సెంటీమీటర్లే. ఒకే రంగులో, రెండు సెంటీమీటర్లలో గుర్తుపట్టేలా ఉండాలన్న ఒక్క షరతు గంట, పట్టెడ, నెమరేస్తున్న మూతి లాంటి సన్న గీతలన్నిటినీ ముందే పక్కకు తోసేసింది.

తెలుగులో పేరు రాయాల్సిన ప్రతివాళ్లూ బ్రీఫ్‌లో విడిగా రాయాల్సిన సంగతి అక్షరాలది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు ఒకే ఎత్తులో గోడ కట్టినట్టు నిలబడతాయి. మన అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు. "లక్ష్మి" అని రాసి చూడండి. కకు ష ఒత్తు, దాని కింద మ, పైన గుడి. ఆ ఒక్క మాట కోసం వరస మొత్తానికి కిందా పైనా చోటు వదలాలి. చిన్న సైజులో ముద్రిస్తే ఒత్తు పూడుకుపోయి నల్లటి మచ్చలా తయారవుతుంది. ఇంగ్లీషు పేరుతో డిజైన్ అంతా ముగించి, చివర్లో "దీన్నే తెలుగులో కూడా పెట్టండి" అంటే తెలుగు ఎప్పుడూ ఇరుక్కుని, అతికించినట్టే ఉంటుంది. మన ఊళ్లలో ఇలాంటి బోర్డులు చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. మా బ్రీఫ్‌లో, "తెలుగు అక్షరాలు ముందు గీయండి, ఇంగ్లీషు వాటికి తగ్గట్టు ఎంచుకోండి. ఊళ్లో అమ్మే డబ్బా మీద తెలుగు పెద్దది, బెంగళూరు సీసా మీద ఇంగ్లీషు పెద్దది" అని రాశాం. లోగో కాక మిగతా రాతకు వాడే తెలుగు ఫాంటు లైసెన్సు ఎవరు కొంటారన్నది కూడా తేల్చుకోవాలి. మండలి, రామభద్ర లాంటివి వ్యాపారానికి కూడా ఉచితంగా వాడుకునే లైసెన్సుతో దొరుకుతున్నాయి. వేరే ఫాంటు నచ్చితే దాని ధర అంచనాలోనే కలపమన్నాం.

గడువును "త్వరగా" అని కాక, వెనక నుంచి లెక్కవేసి రాశాం. సంక్రాంతికి పిండివంటల కోసం నూనె బాగా పోతుంది. అంటే కొత్త సీసా డిసెంబరు 15 కల్లా దుకాణాల్లో ఉండాలి. లేబుళ్లు ముద్రించి, ఊరికి చేరి, సీసాలకు అంటించడానికి దాదాపు నాలుగు వారాలు. అంటే నవంబరు మధ్యకు ప్రెస్సుకు ఫైళ్లు వెళ్లాలి. అంతకు ముందు ప్రూఫు చూసి దిద్దడానికి వారం. లోగో తేలాక దాన్ని లేబుల్ మీద కూర్చడానికి నాలుగు వారాలు. కాబట్టి అక్టోబరు పదికల్లా లోగో ఖాయం కావాలి. లోగోకు ఆరు వారాలు అనుకుంటే ఆగస్టు చివరి వారంలో పని మొదలవ్వాలి. గోడౌన్‌లో పాత లేబుళ్లు ఇంకా నలభై వేలు ఉన్నాయని అప్పుడే బయటపడింది. వాటిని పారేయకుండా డిసెంబరు దాకా వాడుకోవచ్చని లెక్క కుదిరింది. తేదీలు రాస్తేనే ఇలాంటివి బయటికి వస్తాయి.

ఖర్చు కూడా దాచకుండా రాయాలని నా గట్టి నమ్మకం. అంకె చెబితే ఏజెన్సీ అంతా తీసేసుకుంటుందని చాలామంది భయపడతారు. చెప్పకపోతే వాళ్లు మీరు పెట్టలేని ఖర్చుకు పథకం వేసి తెస్తారు, లేదా భయపడి తక్కువ పని చేస్తారు. వీళ్ల మొత్తం మూడున్నర లక్షలు, అందులో లక్షన్నర అప్పటికే వెళ్లిపోయింది. మిగతా రెండు లక్షల్లో ఏమేం కావాలో రాసి, దేనికి ఎన్నిసార్లు మార్పులు అడగవచ్చో కూడా రాశాం. లోగోకు రెండు విడతలు, లేబుల్‌కు రెండు. అంతకు మించితే విడతకు ఇంత అని.

మార్పుల సంఖ్య రాయడంతో పాటు, మార్పులు ఎవరు చెబుతారో రాయాలి. నేను చూసినంతలో పనులు ఎక్కువగా చెడేది ఇక్కడే. మొదటి విడతలో అబ్బాయి ఒక మాట, నాయన ఒక మాట, ఇంకోరోజు అబ్బాయి బావమరిది ఫోన్ చేసి "ఎరుపు తీసేయండి, అశుభం" అని ఒక మాట చెప్పారు. ఏజెన్సీ అన్నీ విని అన్నీ చేసింది. బ్రీఫ్‌లో రెండు పేర్లే రాయించాను. ఇంట్లో అందరి అభిప్రాయాలూ తీసుకుని ఒకే ఈ-మెయిల్‌గా పంపేది అబ్బాయి. చివరి సంతకం పెద్దాయనది. ఆయన లోగోను మధ్యలో కాక, మొదటిసారి చూపించినప్పుడే చూడాలి. సంతకం పెట్టాల్సిన మనిషి చివరిరోజు మాత్రమే చూస్తే అంతదాకా చేసిన పనంతా ఒక్క తల అడ్డంగా ఊపడంతో పోతుంది. బావమరిది గారికి ఆ ఎరుపు ముప్పై ఏళ్ల నుంచి ఉందని పెద్దాయనే చెప్పి సర్దారు.

ఇంకో రెండు సంగతులు కాగితం అడుగున చేరాయి. ఒకటి హక్కు. డబ్బిచ్చి గీయించుకున్నాం కాబట్టి లోగో మనదే అని అందరూ అనుకుంటారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం బయటి ఏజెన్సీ గీసిన లోగో మీద హక్కు దానంతట అదే మీకు రాదు. వాళ్లు సంతకంతో రాసివ్వాలి. ఆ కాగితంలో ఎన్నేళ్లకు అన్నది లేకపోతే అయిదేళ్లకే అని, ఏ ప్రాంతానికి అన్నది లేకపోతే మన దేశం వరకే అని చట్టం లెక్కిస్తుంది. ఆ అబ్బాయికి అమెరికాలోని తెలుగువాళ్ల దుకాణాలకు పంపాలన్న ఆలోచన ఉంది. అందుకని, "చివరి చెల్లింపుతో పాటు, శాశ్వతంగా, ప్రపంచమంతటికీ హక్కు బదిలీ" అని ముందే రాశాం. రెండోది ట్రేడ్‌మార్క్. ఎద్దు బొమ్మ వీళ్ల సొంతమని ఊరంతా అనుకుంటోంది గాని రిజిస్టరు చేయించలేదు. వంటనూనెలు 29వ తరగతిలోకి వస్తాయి. ఆ తరగతిలో ఎద్దు బొమ్మలు ఇంకెవరికి ఉన్నాయో ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఎవరైనా వెతుక్కోవచ్చు. మూడు గీతల లోగో నమూనాలు వచ్చాక, ఒకదాన్ని ఖాయం చేసేముందు ఈ వెతుకులాట జరగాలని, దాన్ని ఒక న్యాయవాది చూడాలని తేదీతో సహా రాశాం.

బ్రీఫ్ పంపాక ఏజెన్సీ నుంచి మొదట డిజైన్ రాకూడదు, ప్రశ్నలు రావాలి. వాళ్లు ఏం అర్థం చేసుకున్నారో తమ మాటల్లో ఒక పేజీ రాసి పంపమన్నాం. అదే ఏజెన్సీ, అదే డిజైనరు. ఆమె పంపిన పేజీలో ఒక ప్రశ్న నాకు బాగా నచ్చింది. "బెంగళూరులో ఎద్దు ఎవరికీ తెలియదు. అక్కడ గుర్తుపట్టాల్సింది గానుగను. రెండూ ఒకే లేబుల్ మీద పెద్దవిగా ఉండలేవు. ఏది ముందు?" అని అడిగింది. మా కాగితంలో ఆ వైరుధ్యం ఉందని మేమెవరమూ గమనించలేదు. తండ్రీకొడుకులు ఒక సాయంత్రం కూర్చుని తేల్చుకున్నారు. ఎద్దు ముందు, గానుగ మాటల్లో, పెద్ద అక్షరాలతో. ఆ వాక్యం చేర్చి బ్రీఫ్‌ను మళ్లీ పంపాం, ఇద్దరి సంతకాలతో.

సెప్టెంబరులో మూడు నమూనాలు వచ్చాయి. రెండింటిని కాగితం మీద ముద్రించి ఖాళీ సీసాలకు అంటించి, ఊళ్లో ఒక కిరాణా దుకాణం అరలో మిగతా నూనెల మధ్య పెట్టించాం. నాలుగడుగుల దూరంలో టేపుతో గీత గీసి, కొనడానికి వచ్చినవాళ్లను అక్కడ నిలబెట్టి, రోజూ తీసుకునే నూనె ఏదో చూపించమన్నాం. మొదటి సీసా దగ్గర నలుగురు తడబడ్డారు. అందులో ఎద్దు కొమ్ములు మరీ సన్నంగా గీశారు, దూరానికి ఆవు తలలా ఉంది. రెండోదాన్ని చూసి ఒక ముసలావిడ చెయ్యి చాపి, "అదో, ఎద్దుబొమ్మది, అయితే దీనికి కొత్త గుడ్డ కట్టినారే" అంది. ఆ రెండోదాన్నే తీసుకుని, కొమ్ములు ఇంకొంచెం లావు చేయమని అబ్బాయి ఆ రాత్రే ఏజెన్సీకి మెయిల్ పంపాడు. మొదటి విడత మార్పుల్లో అదొక్కటే ఉంది.